వదిలిన స్వరాన్ని ఎవరు పలుకుతున్నారు? – విస్తృత కార్డుల్లో స్వరత్యాగం: మోహన రాగం ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

నైన్త్, ఎలెవెన్త్, థర్టీన్త్ కార్డుల్లోని స్వరాలన్నిటినీ వాద్యకారుడు వాయించడు. వేటిని వదలవచ్చో, వేటిని వదలరాదో పాశ్చాత్య సంగీత పాఠ్యపుస్తకాలు ఒక వరుసగా చెబుతాయి. తంబురా శ్రుతి ఆగకుండా మోగుతూ, గాత్రం ఒక రాగానికి కట్టుబడి ఉన్న వేదికపై ఆ వరుస ఎంతవరకు నిలుస్తుందో ఈ వ్యాసం మోహన రాగాన్ని ప్రధాన ఆధారంగా తీసుకొని పరిశీలిస్తుంది.

కీలకపదాలు: విస్తృత కార్డులు, స్వరత్యాగం, మోహన, హరికాంభోజి, కీరవాణి, తంబురా శ్రుతి, కీబోర్డు.

1. ప్రస్తావన

అన్నవరం రత్నగిరిపై ఏటా వైశాఖ శుద్ధ ఏకాదశినాడు సత్యనారాయణస్వామి కల్యాణం జరుగుతుంది. అటువంటి ఉత్సవ సమయంలో గోదావరి ప్రాంతపు ఏ భక్తిసంగీత వేదికనైనా ఊహించుకోవచ్చు. మధ్యలో గాయకుడు, ఒక పక్క తబలా, మరో పక్క కీబోర్డు, దాని వెనుక బేస్ గిటారు, గాయకుని పాదాల దగ్గర ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె. గాయకుడు మోహన రాగంలో ఒక కీర్తన అందుకున్నాడు. కీబోర్డు వాద్యకారుడి కుడిచేయి గాత్రాన్ని అనుసరిస్తుంది. ఎడమచేయి ఏం చేయాలన్నది ఇక్కడి ప్రశ్న.

ఈ ప్రశ్నకు పాత జవాబొకటి ఉంది. పద్యనాటకాల హార్మోనిస్టు షడ్జ పంచమాలను నొక్కిపట్టి, మిగిలిన వేళ్లతో పద్యం వెంట నడిచేవాడు. రంగస్థలంపై వేరే తంబురా లేదు కనుక ఆ పద్ధతి ఆ సందర్భానికి చక్కగా సరిపోయింది. నేటి వేదికపై శ్రుతిపెట్టె ఆ రెండు స్వరాలను ముందే పలుకుతోంది. కీబోర్డు వాద్యకారుడు గిటారు, పియానో పుస్తకాల నుండి నేర్చుకున్న కొత్త జవాబు మరొకటి: నైన్త్, థర్టీన్త్ వంటి విస్తృత కార్డులు వాడడం, వాటిలో అనవసరమైన స్వరాలను వదిలేయడం. ఆ 'అనవసరం' అనే మాటను ఎవరు, ఏ వేదికను దృష్టిలో ఉంచుకొని నిర్ణయించారన్న విషయం మాత్రం సాధారణంగా చర్చకు రాదు.

పదజాలం విషయంలో ఒక జాగ్రత్త అవసరం. తెలుగులో 'పంచమం' అంటే శ్రుతిషడ్జానికి ఐదవ స్వరం. కార్డు పరిభాషలో 'ఫిఫ్త్' అంటే ఆ కార్డు మూలస్వరానికి ఐదవది. ధైవతం మూలస్వరంగా ఉన్న కార్డుకు ఫిఫ్త్ గాంధారమే కాని పంచమం కాదు. అందువల్ల ఈ వ్యాసంలో స్వరాలకు షడ్జం, రిషభం మొదలైన పేర్లు, కార్డులో వాటి స్థానాలకు రూట్, థర్డ్, ఫిఫ్త్, సెవెన్త్ మొదలైన పేర్లు వాడడం జరిగింది.

2. పాఠ్యపుస్తకాల నియమం, దాని హేతువు

కార్డును ఒక స్వరాన్ని విడిచి మరో స్వరాన్ని పేర్చుకుంటూ కడతారు. షడ్జం, గాంధారం, పంచమం కలిస్తే మూడు స్వరాల కార్డు. పైన నిషాదం చేరితే సెవెన్త్. అదే వరుసలో పై స్థాయి రిషభం నైన్త్ అవుతుంది, మధ్యమం ఎలెవెన్త్, ధైవతం థర్టీన్త్. అంతటితో ఏడు స్వరాలూ పూర్తవుతాయి. అంటే థర్టీన్త్ కార్డు ఒక సంపూర్ణ మేళంలోని స్వరాలన్నీ ఒకేసారి నిలువుగా పలకడమే. షడ్జంపై శుద్ధమధ్యమం, కైశికి నిషాదంతో కట్టిన థర్టీన్త్ కార్డులో ఉన్నవి 28వ మేళకర్త హరికాంభోజి స్వరాలే. మధ్యమాన్ని ప్రతిమధ్యమంగా మారిస్తే అది 64వ మేళం వాచస్పతి.

ఏడు స్వరాలు ఒకేసారి మోగితే చెవికి ఏదీ స్పష్టంగా అందదు. గిటారుకు ఉన్నవే ఆరు తీగలు. అందుచేత వదలడం తప్పనిసరి. పుస్తకాలు చెప్పే వరుస సుమారుగా ఇలా ఉంటుంది. మొదట ఫిఫ్త్‌ను వదలాలి. బేస్ వాద్యం ఉంటే రూట్‌నూ వదలవచ్చు. థర్టీన్త్ కార్డులో నైన్త్ ఐచ్ఛికం. గాంధారం అంతర గాంధారమై, మధ్యమం శుద్ధమధ్యమమైతే ఎలెవెన్త్‌ను తప్పక వదలాలి. థర్డ్, సెవెన్త్, కార్డు పేరులో ఉన్న చివరి స్వరం – ఈ మూడింటిని మాత్రం వదలరాదు. గిటారు వాద్యకారులు తరచుగా వాడే థర్టీన్త్ ఆకృతి దీనికి చక్కని ఉదాహరణ. ఆరవ తీగపై మూడవ మెట్టు, నాల్గవ తీగపై మూడవ మెట్టు, మూడవ తీగపై నాల్గవ మెట్టు, రెండవ తీగపై ఐదవ మెట్టు. మోగేవి రూట్, సెవెన్త్, థర్డ్, థర్టీన్త్ అనే నాలుగే. ఫిఫ్త్, నైన్త్, ఎలెవెన్త్ లేవు. అయినా వినేవారికి థర్టీన్త్ కార్డు పూర్తిగానే వినిపిస్తుంది.

ఈ వరుస వెనుక ఉన్న కారణాలు అన్నీ ఒక జాతివి కావు. దీనిని గుర్తించడం ముఖ్యం. ఫిఫ్త్‌ను వదలడానికి కారణం పునరుక్తి. ఏ తీగను మీటినా మూడవ అనుస్వరంగా దాని ఫిఫ్త్ లోపలినుండి వినిపిస్తుంది. మగ గాత్రానికి ఒకటి శ్రుతిలో షడ్జం సుమారు 130.8 హెర్ట్జ్ అనుకుంటే దాని మూడవ అనుస్వరం 392.4 హెర్ట్జ్. కీబోర్డుపై ఆ స్థాయిలోని పంచమం 392.0. బేస్ పలికిన రూట్‌లోనే ఫిఫ్త్ దాగి ఉంది కనుక దానిని మళ్లీ నొక్కడంవల్ల కొత్త సమాచారమేదీ రాదు. ఎలెవెన్త్‌ను వదలడానికి కారణం వేరు, అది సంఘర్షణ. అంతర గాంధారానికి ఒక స్థాయి పైన అర్ధస్వరం ఎడంలో శుద్ధమధ్యమం నిలిస్తే ఆ రెండింటి మధ్య మైనర్ నైన్త్ ఏర్పడి కార్డు మొత్తం గరుకుగా మారుతుంది. థర్డ్, సెవెన్త్‌లను వదలకపోవడానికి కారణం ఈ రెండూ కావు. కార్డుకు గుర్తింపు ఇచ్చేవి అవే. థర్డ్ మేజరో మైనరో చెబుతుంది. సెవెన్త్ లేకపోతే థర్టీన్త్ కార్డు కేవలం సిక్స్త్ కార్డుగా మిగిలిపోతుంది.

పునరుక్తి, సంఘర్షణ, గుర్తింపు – మూడూ సరైన కారణాలే. కాని ఈ మూడింటి వెనుకా ఒక వేదిక ఉంది. అది పియానో, డబుల్ బేస్, డ్రమ్స్ కలిసిన జాజ్ త్రయం. రూట్ లేని ఎడమచేతి కార్డులను 1950ల చివర నుండి బిల్ ఎవాన్స్, విన్టన్ కెల్లీ వంటి పియానిస్టులు స్థిరపరిచారు. పక్కన బేస్ వాద్యకారుడు రూట్‌ను పలుకుతున్నాడన్న భరోసాతోనే అది సాధ్యమైంది. ఆ వేదికపై ఆగకుండా మోగే శ్రుతి లేదు. ఏ స్వరం వర్జ్యమో ముందే నిర్ణయించిన రాగమూ లేదు. ఈ రెండూ ఉన్న వేదికకు ఆ పట్టికను యథాతథంగా తెచ్చుకోవడంలోనే లోపం ఉంది.

3. మోహన: రాగమే వదిలిన స్వరాలు

మోహన హరికాంభోజి జన్యం. షడ్జం, చతుశ్శ్రుతి రిషభం, అంతర గాంధారం, పంచమం, చతుశ్శ్రుతి ధైవతం – ఐదే స్వరాలు. మధ్యమ నిషాదాలు వర్జ్యం. పూచి శ్రీనివాస అయ్యంగార్ వర్ణంతో విద్యార్థి దశలోనే పరిచయమయ్యే రాగమిది. 'మాయాబజార్' (1957)లోని నౌకావిహార గీతం ద్వారా శాస్త్రీయ శిక్షణ లేని తెలుగు శ్రోతకు కూడా చెవికి పట్టినది.

జనక రాగపు థర్టీన్త్ కార్డును ముందు పెట్టుకొని మోహన ఏం చేసిందో చూడాలి. హరికాంభోజి కార్డులో షడ్జం, గాంధారం, పంచమం, నిషాదం, రిషభం, మధ్యమం, ధైవతం ఉన్నాయి. మోహన ఇందులో రెండింటిని తీసివేసింది. మొదటిది మధ్యమం, అంటే ఎలెవెన్త్. గాంధారంతో ఘర్షించేది కనుక పుస్తకం కూడా ముందుగా తీసివేయమన్న స్వరం అదే. రెండవది నిషాదం, అంటే సెవెన్త్. పుస్తకం ఎట్టి పరిస్థితిలోనూ తీసివేయవద్దన్న స్వరం అది. ఒక త్యాగంలో రాగం, పాఠ్యపుస్తకం ఏకీభవిస్తాయి. రెండవదానిలో ఎదురెదురుగా నిలుస్తాయి.

కాబట్టి మోహనలో షడ్జంపై థర్టీన్త్ కార్డు అనేది ఉండదు. మిగిలిన ఐదు స్వరాలను కలిపితే పాశ్చాత్య పరిభాషలో 'సిక్స్ నైన్' అనే కార్డు వస్తుంది. థర్టీన్త్ కావాలన్న కోరికతో కైశికి నిషాదాన్ని చేర్చితే వచ్చేది మోహన కార్డు కాదు, కాంభోజి వైపు మొగ్గిన మరేదో. శ్రోతకు కార్డుల పేర్లు తెలియకపోవచ్చు. నిషాదం మాత్రం వినిపిస్తుంది. గాయకుడు పంచమం నుండి ధైవతం మీదుగా తారషడ్జానికి దూకే చోట, అతడు దాటవేసిన స్వరాన్ని కీబోర్డు నిలబెట్టి పలుకుతుంటే ఆ దూకుడు అర్థం కోల్పోతుంది. అక్కడ ఖాళీ ఉంటేనే అది మోహన.

పోల్చడానికి హంసధ్వని బాగుంటుంది. షడ్జం, రిషభం, గాంధారం, పంచమం, కాకలి నిషాదం. ఈ ఐదింటిని పేర్చితే షడ్జంపై మేజర్ నైన్త్ కార్డు ఒక్క స్వరం కూడా తగ్గకుండా వస్తుంది. అదీ ఔడవమే, ఇదీ ఔడవమే. ఒకదానిలో సెవెన్త్ రాగానికి ప్రాణం, మరొకదానిలో రాగానికి భంగం. 'ఐదు స్వరాల రాగానికి నైన్త్ కార్డు సరిపోతుంది' వంటి సాధారణ సూత్రం ఇందుకే పనికిరాదు.

4. నాలుగు బేస్ స్వరాలు, ఒకే శ్రుతి

ఇప్పుడు మొదట ఊహించిన వేదికకు తిరిగి రావాలి. శ్రుతిపెట్టెలో షడ్జ పంచమాలు ఆగకుండా మోగుతున్నాయి. బేస్ గిటారు స్వరం మారుస్తోంది. మోహన స్వరాల పరిధిలోనే ఉంటూ కీబోర్డు ఎడమచేయి ఏమేమి వాయించాలో ఒక్కొక్క బేస్ స్వరానికి విడివిడిగా చూస్తే నియమం ఎలా తిరగబడుతుందో తెలుస్తుంది.

బేస్ షడ్జంపై ఉన్నప్పుడు రూట్, ఫిఫ్త్ రెండూ శ్రుతిలోనే ఉన్నాయి. పుస్తకం చెప్పినట్లే రెండూ వదలవచ్చు. మిగిలినవి గాంధారం, ధైవతం, రిషభం. మధ్యస్థాయి గాంధారంపై ధైవతం, దానిపై తారస్థాయి రిషభం పెడితే ఒక్కొక్కటి తన కింది స్వరానికి నాలుగవ స్వరంగా నిలుస్తుంది. మూడు వేళ్లతో సిక్స్ నైన్ కార్డు సంపూర్ణంగా వినిపిస్తుంది. హార్మోనియం అలవాటుతో షడ్జ పంచమాలను మళ్లీ నొక్కితే ధ్వని బరువెక్కుతుందే కాని అందులో కొత్త స్వరం ఉండదు.

బేస్ ధైవతానికి దిగినప్పుడు చిత్రం మారుతుంది. ధైవతం రూట్ అయిన కార్డులో థర్డ్ షడ్జం, ఫిఫ్త్ గాంధారం, సెవెన్త్ పంచమం, ఎలెవెన్త్ రిషభం. నైన్త్ కావలసిన చోట కాకలి నిషాదం రావాలి. అది రాగంలో లేదు కనుక నైన్త్ లేనట్లే. పుస్తకం ప్రాణపదమన్న థర్డ్, సెవెన్త్ ఏవో చూస్తే అవి షడ్జ పంచమాలే. అంటే తంబురా పలుకుతున్న రెండు స్వరాలే. వాటిని వాద్యకారుడు నిశ్చింతగా వదలవచ్చు. అతడు వాయించవలసినవి గాంధార రిషభాలు, అంటే ఫిఫ్త్, ఎలెవెన్త్. ముందుగా వదలమన్న ఫిఫ్త్ ఇప్పుడు తప్పనిసరి అయింది. వదలరాదన్న థర్డ్, సెవెన్త్‌లు పునరుక్తి అయ్యాయి. నియమంలోని ప్రతి అంశమూ తలకిందులైంది. విచిత్రమేమంటే నియమం వెనుక ఉన్న కారణం మాత్రం చెక్కుచెదరలేదు. పలుకుతున్నదానిని మళ్లీ పలకనవసరం లేదు – అంతే. ఎవరు పలుకుతున్నారన్నది మారింది.

బేస్ రిషభంపై నిలిచినప్పుడు సెవెన్త్ షడ్జం, ఎలెవెన్త్ పంచమం. రెండూ మళ్లీ శ్రుతిలోనివే. థర్డ్‌గా ఏదో ఒక మధ్యమం రావాలి. అది వర్జ్యం. వాద్యకారునికి మిగిలినవి నైన్త్ అయిన గాంధారం, ఫిఫ్త్ అయిన ధైవతం. థర్డ్ లేకుండా ఎలెవెన్త్ నిలిచిన ఇటువంటి కార్డును వాద్యకారులు 'సస్' అంటారు. మేజరో మైనరో తేలని ఆ స్థితి మోహనకు కొత్తది కాదు.

అసలు పరీక్ష పంచమం దగ్గర వస్తుంది. పాశ్చాత్య పద్ధతిలో పంచమంపై కట్టిన సెవెన్త్ కార్డు వాక్యానికి తుది మలుపు. దానిలోని థర్డ్ కాకలి నిషాదం, సెవెన్త్ శుద్ధమధ్యమం. ఈ రెండింటి మధ్యనున్న ఉద్రిక్తతే తరువాతి షడ్జ కార్డులోకి చెవిని లాగుతుంది. అందుకే వాటిని వదలవద్దని పుస్తకాలు అంత గట్టిగా చెబుతాయి. మోహనకు వర్జ్యమైనవి సరిగ్గా మధ్యమ నిషాదాలే. నియమం పాటిస్తే రాగం పోతుంది. రాగం పాటిస్తే పంచమంపై రూట్, ఫిఫ్త్ అయిన రిషభం, నైన్త్ అయిన ధైవతం, ఎలెవెన్త్ అయిన షడ్జం, థర్టీన్త్ అయిన గాంధారం మిగులుతాయి. మేడకు మొదటి అంతస్తులోని గోడలు లేవు, పై అంతస్తులు మాత్రం ఉన్నాయి. కార్డు కట్టడంలో ఇది అసంబద్ధంగా కనిపిస్తుంది. వినికిడిలో కాదు. బేస్ పంచమంపై, ఎడమచేయి ధైవత, రిషభ, గాంధారాలపై ఉండగా బేస్ మాత్రం షడ్జానికి కదిలితే చాలు, ముగింపు వినిపిస్తుంది. పై స్వరాలు ఒక్కటీ కదలలేదు. ముగింపును తెచ్చింది లోపలి ఉద్రిక్తత కాదు, కింది అడుగు.

మోహనలో పాడుతున్న గాయకునికి కీబోర్డు వాద్యకారుడు పంచమంపై మామూలు సెవెన్త్ కార్డు వాయించడం వేదికలపై అరుదేమీ కాదు. చలనచిత్ర సంగీతంలో దీనికి సమర్థన ఉంది. అక్కడ వరుస ఒక రాగచ్ఛాయలో సాగినా వాద్యగోష్ఠి వేరే దారిలో నడవవచ్చు. సంగీత దర్శకుడు ప్రతి స్వరాన్నీ రాసి ఇస్తాడు, ఫలితానికి బాధ్యత తీసుకుంటాడు. కీర్తనకు అప్పటికప్పుడు పక్కవాద్యం వాయించేవాడికి ఆ రాతప్రతి లేదు. అతడు చేసిన ఎంపిక కూడా కాదది, వేళ్లకు అలవాటైన ఆకృతి. విమర్శకు గురి కావలసింది మధ్యమ నిషాదాలు వినిపించడం కాదు, అవి ఎవరూ కోరకుండా వినిపించడం.

5. 'సో వాట్' కార్డు: ఒక అనుకోని సాక్ష్యం

ఫిఫ్త్‌ను ముందుగా వదలాలన్న మాటను జాజ్ వాద్యకారులే అన్నివేళలా పాటించలేదనడానికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. 1959లో మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' ఆల్బమ్‌లో 'సో వాట్' అనే రచనకు బిల్ ఎవాన్స్ పియానోపై వాయించిన కార్డు నేటికీ ఆ రచన పేరుతోనే చలామణిలో ఉంది. కింది నుండి పైకి రూట్, ఎలెవెన్త్, సెవెన్త్, థర్డ్, ఫిఫ్త్. ఎలెవెన్త్ కార్డులో నైన్త్‌ను వదిలి, ఫిఫ్త్‌ను అన్నిటికన్నా పైన, చెవికి ముందుగా తగిలేచోట పెట్టాడాయన. స్వరాల ఎడం మూడుసార్లు నాలుగవ స్వరం, చివర ఒక మేజర్ థర్డ్.

ఈ ఆకృతిని మోహన ధైవతంపై పెట్టి చూస్తే మంద్ర ధైవతం, రిషభం, పంచమం, తారషడ్జం, తారగాంధారం వస్తాయి. అంటే మోహన స్వరాలు ఐదూ, ఒక్కటి తగ్గకుండా, ఒక్కటి ఎక్కువ కాకుండా. ఎవాన్స్ వదిలిన నైన్త్ ఇక్కడ కాకలి నిషాదం. మోహన వర్జించినదీ అదే. ఆయన మనసులో మోహన ఉందని దీని అర్థం కాదు. ఐదు స్వరాల వరుసను నాలుగవ స్వరాల ఎడంతో పరిచినప్పుడు అర్ధస్వర ఘర్షణ ఎక్కడా రాదన్న సాధారణ గుణమే ఇద్దరినీ ఒకచోటికి తెచ్చింది. సహకార వాద్యకారునికి ఇందులో ఆచరణలో పనికొచ్చే విషయమొకటి ఉంది. తంబురా లేని వేదికపై మోహనకు ఐదు స్వరాలూ వాయించవలసి వస్తే ఈ అమరిక సిద్ధంగా ఉంది. తంబురా ఉంటే ఇందులో పంచమ షడ్జాలను తీసివేయవచ్చు. బేస్ ఉంటే ధైవతాన్నీ తీసివేయవచ్చు. మిగిలిన రిషభ గాంధారాలు పైన లెక్కకు వచ్చిన రెండు స్వరాలే.

6. వదలలేని స్వరం

తంబురా పునరుక్తిని మాత్రమే తెస్తుందనుకోరాదు. కొన్నిచోట్ల వదలవలసిన స్వరాన్ని వదలనివ్వదు. దీనికి 21వ మేళం కీరవాణి తగిన ఉదాహరణ. (ఈ రాగనామం గోదావరి ఒడ్డున కొవ్వూరులో పుట్టిన సంగీత దర్శకుని పేరుగా ఇప్పుడు మరింత విస్తృతంగా వినిపిస్తోంది.) కీరవాణిలో పంచమంపై కార్డు కడితే థర్డ్ కాకలి నిషాదం, ఫిఫ్త్ రిషభం, సెవెన్త్ శుద్ధమధ్యమం, నైన్త్ శుద్ధధైవతం. ఎలెవెన్త్ షడ్జం. థర్డ్‌తో అర్ధస్వర ఘర్షణ ఉన్నది కనుక ఎలెవెన్త్‌ను వదలాలి. వాద్యకారుడు వదలగలడు. శ్రుతిపెట్టె వదలదు.

కర్ణాటక సంగీత శ్రోత షడ్జ శ్రుతిపై కాకలి నిషాదాన్ని నిత్యం వింటూనే ఉంటాడు, ఇబ్బంది పడడు. అయితే గాత్రంలోని నిషాదం షడ్జం వైపు కదులుతూ ఉంటుంది, కీబోర్డుపై నొక్కిపట్టిన నిషాదం కదలదు. ఆ తేడాను తగ్గించే ఉపాయం స్థాయిలో ఉంది. తంబురా షడ్జానికి అర్ధస్వరం దిగువన కాక, పదకొండు మెట్ల ఎగువన నిషాదాన్ని పెడితే మైనర్ సెకండ్ బదులు మేజర్ సెవెన్త్ వినిపిస్తుంది. గరుకుదనం తగ్గి ఎదురుచూపు మిగులుతుంది. కార్డును ఎక్కువసేపు పట్టకుండా విడవడం రెండవ ఉపాయం.

ఇదే కార్డులో రూట్‌ను వదిలితే మరో సమస్య. పంచమం తీసివేయగా మిగిలిన నిషాదం, రిషభం, మధ్యమం, ధైవతం ఒకదానికొకటి సమాన దూరంలో ఉంటాయి. ఇది డిమినిష్డ్ సెవెన్త్ కార్డు. స్థాయిని నాలుగు సమభాగాలు చేసే ఈ ఆకృతికి తనదంటూ మూలం లేదు. నాలుగు వేర్వేరు రూట్‌లలో ఏదైనా దీని కింద నిలవగలదు. బేస్ స్పష్టంగా పంచమంపై ఉంటే రూట్‌ను వదలడం క్షేమం. బేస్ వాద్యకారుడు ఆ క్షణంలో వేరే స్వరంపై తిరుగుతుంటే, అదే ఆకృతి వేరే కార్డుగా మారి గాయకుని ఎత్తుగడ తప్పించగలదు. రూట్‌ను వదలడం ఒంటరిగా చేసే నిర్ణయం కాదు. పక్కవాడు ఏం వాయిస్తున్నాడో వింటూ చేసేది.

7. గాంధారం: వదలరాదన్న చోటే సందేహం

చివరిగా మోహనకు జీవస్వరమైన అంతర గాంధారాన్ని గురించి. షడ్జంపై కార్డులో అది థర్డ్, కనుక పట్టిక ప్రకారం అనివార్యం. కాని చక్కగా శ్రుతి చేసిన తంబురాలో గాంధారం తనంతట తానే వినిపిస్తుంది. సంగీతజ్ఞులు దీనిని స్వయంభూ గాంధారమంటారు. అది షడ్జపు ఐదవ అనుస్వరం. 130.8 హెర్ట్జ్ షడ్జానికి ఆ గాంధారం సుమారు 654. సమానాంతర శ్రుతిలో ఉన్న కీబోర్డుపై అదే గాంధారం 659.3. రెండూ కలిసి మోగితే సెకనుకు సుమారు ఐదు విస్పందనాలు పుడతాయి. ఆలిండియా రేడియో 1940లో హార్మోనియంను నిషేధించినప్పుడు జరిగిన వాదంలో మెట్లవాద్యపు ఇటువంటి శ్రుతి లోపం ప్రధానమైన అభియోగాల్లో ఒకటి. ఆ నిషేధం అతిగా కనిపించవచ్చు. ఈ ఐదు హెర్ట్జ్‌ల తేడా మాత్రం చెవికి అందేదే.

గాయకుడు గాంధారంపై నిలిచిన చోట షడ్జ కార్డుకు కావలసిన థర్డ్‌ను గాత్రమూ తంబురా రెండూ ఇస్తున్నాయి. అక్కడ కీబోర్డు గాంధారాన్ని వదిలి ధైవత రిషభాలను మాత్రమే వాయించడం మేలు. వదిలినా కార్డు మేజరేనని చెవికి తెలుస్తూనే ఉంటుంది, గాయకుని గాంధారం మెట్ల గాంధారం వైపు జరగదు. గాయకుడు పంచమానికో షడ్జానికో వెళ్లినప్పుడు మాత్రం గాంధారాన్ని తిరిగి చేర్చాలి. శ్రుతిపెట్టెలోని చిన్న స్పీకరు స్వయంభూ గాంధారాన్ని వేదిక చివరిదాకా మోయలేదు. థర్డ్ లేని షడ్జ కార్డు అప్పుడు బోలుగా తేలిపోతుంది.

ఏ స్వరం నిజంగా అనవసరమో తేల్చుకోవడానికి సాధన సమయంలో ఒక పరీక్ష ఉంది. శ్రుతిపెట్టెను, బేస్‌ను ఉంచి కీబోర్డులో ఒక్కొక్క స్వరాన్ని తీసివేస్తూ వినాలి. తీసివేసినా తేడా తెలియని స్వరం పునరుక్తి. తీసివేయగానే గాయకునికి హాయిగా అనిపించినది సంఘర్షణ. తీసివేయగానే కార్డు పేరు మారిపోయినది గుర్తింపు. ఆ తరువాత శ్రుతిపెట్టెను ఆపి అదే పరీక్ష మళ్లీ చేస్తే మొదటి జాబితాలోని స్వరాలు కొన్ని మూడవ జాబితాలోకి వచ్చేస్తాయి. మోహనలో బేస్ ధైవతంపై ఉన్నప్పుడు షడ్జ పంచమాలకు జరిగేది ఇదే. వేదికపై తంబురాకు విడిగా మైకు లేకపోయినా, తబలా జోరులో అది వినపడకపోయినా ఆ రెండు స్వరాలను ఎడమచేతిలోకి తిరిగి తెచ్చుకోవలసిందే. ముందు షడ్జాన్ని, అది చాలకపోతే పంచమాన్ని.